ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఏమీ అవట్లేదా? ఆ నొక్కు అసలు విండోస్ దాకా వెళ్ళిందో లేదో ముందు చూడండి

లాప్‌టాప్‌లో ప్రింట్ స్క్రీన్ కీ పోయిందండీ అని సిస్టం చంకన పెట్టుకుని రిపేరు షాపుకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ కీ శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది. విండోస్ కూడా బాగానే ఉంటుంది. ఫంక్షన్ కీ లాక్ ఒకటి ఆన్‌లో ఉండి, ఆ కీ ప్రింట్ స్క్రీన్ బదులు ఇంకో కీలాగా మాట్లాడుతుంటుంది, అంతే. ఈ సంగతి తెలీక కొంతమంది డ్రైవర్లు మార్చేస్తారు, ఇంకొంతమంది ఏకంగా విండోస్ ఫార్మాట్ కొట్టించేస్తారు, అది చేసినా మళ్ళీ అదే కథ, ఎందుకంటే ఆ లాక్ విండోస్‌లో లేదు కాబట్టి. మరి ఎక్కడుందో అర్థం అవ్వాలంటే మనం కీ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడాలి.

డెస్క్‌టాప్ కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్‌కి సొంత కీ ఉంటుంది, F12 పక్కన. దాని కోడ్ దానిదే, ఇంకెవరితోనూ పంచుకోదు. లాప్‌టాప్‌లో అంత చోటు ఉండదు కాబట్టి కంపెనీలు రెండు పనులు ఒక కీ మీద పెట్టేస్తాయి. చాలా మోడళ్ళలో F10 మీదే PrtSc అని రాసుంటుంది, కొన్నిట్లో F11 మీదో F12 మీదో ఉంటుంది, ఇంకొన్నిట్లో Insert కీ కిందో End కీ కిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నిజానికి ఈ పంచుకోవడం కొత్తదేం కాదు, 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలోనే PrtSc, నక్షత్రం గుర్తు ఒకే కీ మీద ఉండేవి, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే తెర మీదున్న అక్షరాలు తిన్నగా ప్రింటర్‌లోకి వెళ్ళిపోయేవి. తేడా ఏంటంటే షిఫ్ట్ నొక్కినట్టు కంప్యూటర్‌కి తెలుస్తుంది, కీ మీదున్న రెండో పని కోసం పట్టుకునే ఈ Fn కీ నొక్కినట్టు మాత్రం చాలా లాప్‌టాప్‌లలో విండోస్‌కి అసలు తెలీదు. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అని ఒక చిన్న చిప్ ఉంటుంది. కీబోర్డు కింద అడ్డంగా నిలువుగా గీతలు అల్లి ఉంటాయి, మనం కీ నొక్కితే ఒక అడ్డగీత ఒక నిలువు గీత కలుస్తాయి, ఏ రెండు కలిశాయో ఈ చిప్ కనిపెట్టి, ఆ చోటుకి ఏ కోడ్ పంపాలో తన దగ్గరున్న పట్టికలో చూసి, ఆ కోడ్ మాత్రమే పైకి పంపిస్తుంది. విండోస్‌కి చేరేది ఆ కోడే, మీ వేలు ఎక్కడ పడిందో విండోస్‌కి తెలిసే దారి లేదు. F10కి పాత పద్ధతి స్కాన్ కోడ్ 44, ప్రింట్ స్క్రీన్‌కి E0 37. ఒకే కీ మీద రెండూ రాసున్నప్పుడు ఈ రెండిట్లో ఏది పంపాలి అనే నిర్ణయం ఆ చిప్‌దే, అది రెండే రెండు విషయాలు చూస్తుంది: Fn ఇప్పుడు నొక్కి ఉందా, Fn లాక్ ఏ వైపుకి ఉంది. మన కాలవల మీద తూము దగ్గర షట్టరు ఎటు తిప్పితే నీళ్ళు ఆ బోదెలోకే పోతాయి, రెండో బోదె కింద ఉన్న రైతు ఎంత ఎదురు చూసినా చుక్క రాదు, ఇదీ అంతే. లాక్ F10 వైపు తిప్పి ఉన్నంతసేపూ మీరు ఆ కీ మీద ఎన్నిసార్లు నొక్కినా 44 పోతుంది గానీ E0 37 పోదు. విండోస్ లెక్కలో మీరు ప్రింట్ స్క్రీన్ నొక్కనే లేదు, అందుకే ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. వచ్చే అవకాశమే లేదు.

దీన్ని ఒక కేసుతో చెప్తే బాగా తెలుస్తుంది. పాలకొల్లు దగ్గర ఒకింట్లో ఒకటే లాప్‌టాప్, అన్నయ్యా చెల్లీ ఇద్దరూ వాడతారు. అన్నయ్య రొయ్యల మేత అమ్మే డీలర్ దగ్గర లెక్కలు రాస్తాడు, రోజంతా ట్యాలీలోనే ఉంటాడు. ట్యాలీ వాడేవాళ్ళకి తెలుసు, అక్కడ మౌస్ కంటే పై వరస కీలే ఎక్కువ నడుస్తాయి, F5 పేమెంట్, F6 రిసీట్, F8 సేల్స్, F9 పర్చేజ్. బిల్లు బిల్లుకీ Fn పట్టుకుని F8 నొక్కాలంటే చెయ్యి పీకేస్తుంది, పైగా ఒక్కోసారి Fn మర్చిపోయి నొక్కితే సేల్స్ రాకుండా తెర వెలుగు తగ్గిపోవడమో పాట మొదలవడమో అవుతుంది. అందుకని అతను Fn, Esc కలిపి నొక్కి లాక్ వేసుకున్నాడు, అతని పనికి అదే కరెక్టు కూడా, ఇందులో తప్పేమీ లేదు.

సాయంత్రం చెల్లి అదే సిస్టంలో డిగ్రీ పరీక్ష ఫీజు కట్టింది. డబ్బులు పడ్డాయి, ట్రాన్సాక్షన్ నంబరుతో పేజీ వచ్చింది, దాన్ని ఫొటో తీసుకుందామని F10 మీదున్న PrtSc నొక్కింది. ఏమీ అవలేదు. పోన్లే, విండోస్ 10లో మామూలుగా కూడా ఏమీ కనిపించదు కదా అనుకుని వర్డ్ తెరిచి Ctrl+V కొట్టింది, బొమ్మ రావాల్సిన చోట అంతకుముందు ఫారం నింపేటప్పుడు కాపీ చేసుకున్న హాల్ టికెట్ నంబరు పడింది. మళ్ళీ నొక్కింది, ఈసారి వర్డ్‌లోనే ఉండి నొక్కింది కాబట్టి పైన ఉన్న రిబ్బన్ మీద F, H, N అని చిన్న చిన్న అక్షరాలు లేచాయి. సిస్టం ఏదో అయిపోయిందని భయపడి నాకు ఫోన్ చేసింది.

చూడండి, ఇక్కడ ఆ అమ్మాయికి కనిపించినవన్నీ ఆధారాలే. కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే క్లిప్‌బోర్డులో పాత నంబరే ఉందంటే ప్రింట్ స్క్రీన్ కోడ్ విండోస్‌కి రాలేదన్నమాట, వచ్చుంటే ఆ నంబరు పోయి బొమ్మ కూర్చునేది. వర్డ్‌లో రిబ్బన్ మీద అక్షరాలు లేచాయంటే ఇంకో కోడ్ ఏదో వచ్చింది, వర్డ్‌లో F10 నొక్కితే సరిగ్గా జరిగేది అదే, కీబోర్డుతో మెనూల్లోకి వెళ్ళడానికి దారి చూపిస్తుంది. క్రోమ్‌లో నొక్కినప్పుడు కూడా నిజానికి ఏమీ అవకుండా లేదు, కుడివైపు పైన మూడు చుక్కల బటన్ చుట్టూ సన్నగా గీత వస్తుంది, అది కూడా F10 పనే, కాకపోతే మన చూపు పేజీ మీద ఉంటుంది కాబట్టి కనిపించదు. ఏమీ అవట్లేదు అని మనం అనేది చాలాసార్లు వేరేది అవుతోంది, మనం చూడట్లేదు.

"సరే అమ్మా, ఆ పేజీ మూసెయ్యకు. స్పీకరు మీద గీత కొట్టిన బొమ్మ ఉన్న కీ ఒకటి ఉంటుంది చూడు, అది ఒక్కటే నొక్కు, Fn ముట్టుకోకు. సౌండ్ ఆగిందా?" అన్నాను.

"లేదన్నయ్యా, ఏదో హెల్ప్ అని కొత్త పేజీ వచ్చింది."

ఆమె లాప్‌టాప్‌లో ఆ బొమ్మ F1 మీద ఉంది, క్రోమ్‌లో F1 అంటే హెల్ప్. అంటే పై వరస మొత్తం F కీల వైపు తిప్పి ఉంది. ఇంక అనుమానం లేదు. ఫీజు పేజీ ఉన్న ట్యాబ్‌కి వెళ్ళి, ఎడం చేత్తో Fn ముందు నొక్కి పట్టుకుని తర్వాత F10 నొక్కమన్నాను, వర్డ్‌లో Ctrl+V కొడితే పేజీ అంతా బొమ్మగా వచ్చేసింది, ట్రాన్సాక్షన్ నంబరుతో సహా. లాక్ వేసున్నప్పుడు Fn పట్టుకుంటే ఆ ఒక్క నొక్కుకి మాత్రం చిప్ రెండోవైపు తిరుగుతుంది, లాక్ కదపక్కర్లేదు.

ఇక్కడ జనాన్ని బాగా తికమక పెట్టే ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. Fn లాక్ ఆన్ అంటే ఏంటి అనేది అన్ని చోట్లా ఒకటి కాదు. కొన్ని లాప్‌టాప్‌లలో లాక్ ఆన్ అంటే F1 నుంచి F12 మామూలు F కీలుగా పనిచేస్తాయని అర్థం, ఇంకొన్నిట్లో లాక్ ఆన్ అంటే Fn ఎప్పుడూ నొక్కి పట్టుకున్నట్టే, అంటే బొమ్మల పనులే జరుగుతాయని అర్థం. ఒకదానికొకటి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అందుకే ఒకరు లాక్ తీసెయ్యండి పనిచేస్తుంది అంటారు, ఇంకొకరు లాక్ వెయ్యండి అంటారు, ఇద్దరూ వాళ్ళ వాళ్ళ సిస్టంలో చూసిందే చెప్తున్నారు, ఇద్దరి మాటా నిజమే. కాబట్టి లైటు వెలుగుతోందా లేదా అని చూసి నిర్ణయం తీసుకోకండి, సౌండ్ కీ నొక్కి చూడండి. Fn లేకుండా సౌండ్ మారిందంటే బొమ్మల వైపు ఉంది, PrtSc ఆ వరసలోనే ఉంటే అది కూడా నేరుగా పనిచెయ్యాలి. సౌండ్ మారలేదంటే F కీల వైపు ఉంది, PrtSc కావాలంటే Fn పట్టుకోవాల్సిందే.

ఈ వరస అనే మాట గమనించండి. చాలా లాప్‌టాప్‌లలో ఈ లాక్ పై వరసలో F1 నుంచి F12 వరకే తిప్పుతుంది, మిగతా కీల జోలికి పోదు. మీ PrtSc అనేది Insert కిందో End కిందో చిన్నగా రాసుంటే లాక్ ఎటున్నా Fn పట్టుకునే నొక్కాలి, లాక్ వేశాం కదా ఇంక అన్నిటికీ కింద రాసినవే వస్తాయి అనుకుంటే ఆ కీ Insert అనే పంపిస్తుంది, Insert వల్ల తెర మీద ఏమీ కనపడదు కాబట్టి మళ్ళీ కీ చచ్చిపోయిందనే అనుకుంటారు. అదే PrtSc ఒక్కటే సొంతంగా ఒక కీ మీద ఉంటే, కుడి Alt పక్కన అలా పెట్టే మోడల్స్ ఉన్నాయి, దానికి ఈ లాక్‌తో సంబంధమే ఉండదు, అప్పుడు తప్పు వేరే చోట వెతకాలి.

వేరే చోట అంటే ఎక్కడ? ముందు లాక్ గొడవో కాదో ఖాయం చేసుకోడానికి ఒక మంచి పద్ధతుంది. విండోస్ కీ, R కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది, అందులో ఇది టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

```
osk
```

తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది, దాని కుడివైపు PrtScn అని ఉంటుంది, దాన్ని మౌస్‌తో క్లిక్ చెయ్యండి. ఈ క్లిక్ మనం చెప్పుకున్న చిప్ దగ్గరికి వెళ్ళదు, విండోస్ లోపలే పుడుతుంది, అంటే షట్టరు దాటి కింద వైపున నేరుగా పోసినట్టే. దీంతో బొమ్మ వచ్చి, అసలు కీతో రాకపోతే విండోస్‌లో ఏ తప్పూ లేదు, కోడ్ కిందనుంచి రావట్లేదు అని తేలిపోయింది, ఇంక ఫార్మాట్ మాట ఎత్తక్కర్లేదు. దీంతో కూడా రాకపోతే అప్పుడు విండోస్ వైపు చూడాలి, అక్కడ సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, వన్‌డ్రైవ్ లాంటి ప్రోగ్రాం ఏదైనా స్క్రీన్‌షాట్లు నేనే దాచుకుంటా అని ఆ కీని పట్టేసుకుని ఉంటుంది. రెండు, సెట్టింగ్స్‌లో ఆ కీకి వేరే పని అప్పజెప్పి ఉంటుంది. విండోస్ 11లో Settings లోకి వెళ్ళి Accessibility, అందులో Keyboard తెరిస్తే Use the Print screen key to open screen capture అని ఒక స్విచ్ కనపడుతుంది, అది ఆన్‌లో ఉంటే కీ నొక్కగానే తెర మసకబారి ఏ భాగం కావాలో గీసుకోమంటుంది, ఆఫ్‌లో ఉంటే చప్పుడు చెయ్యకుండా తెర మొత్తం క్లిప్‌బోర్డులోకి వెళ్తుంది.

ఆ చప్పుడు లేకపోవడమే ఇంకో పెద్ద ఇబ్బంది. కోడ్ సరిగ్గా వెళ్ళినా, బొమ్మ సరిగ్గా పడినా, ఫైలేదీ తయారవదు, తెర మెరవదు, శబ్దం రాదు. పిక్చర్స్ ఫోల్డర్లో వెతికి లేదని కీ పోయింది అనుకునేవాళ్ళు బోల్డుమంది. కాబట్టి నొక్కాక ఫోల్డర్లో వెతకొద్దు, పెయింట్ తెరిచి Ctrl+V కొట్టండి. ఫైలుగానే కావాలంటే విండోస్ కీ పట్టుకుని PrtSc నొక్కాలి, విండోస్ 8 నుంచి ఇది ఉంది, తెర ఒక్క క్షణం మసకబారుతుంది, ఫైలు Pictures లోపల Screenshots లో పడుతుంది. ఆ మసక మనకి మంచి గుర్తు కూడా, అది కనపడిందంటే కోడ్ చేరినట్టే. లాక్ F కీల వైపు ఉంటే ఇక్కడా Fn కలపాలి, అంటే విండోస్ కీ, Fn, F10 మూడూ. ఒక్క విండో మాత్రమే కావాలని Alt తో నొక్కేవాళ్ళకీ ఇదే లెక్క, Fn మర్చిపోతే Alt+F10 వెళ్తుంది, దానికి ఒక్కో ప్రోగ్రాం ఒక్కోలా స్పందిస్తుంది.

మరి లాక్ పూర్తిగా మార్చేసుకోవాలంటే ఎలా? చాలా డెల్, లెనోవో, ఏసుస్ మోడళ్ళలో Fn, Esc కలిపి ఒకసారి నొక్కితే ఇటు, ఇంకోసారి నొక్కితే అటు. Esc మీద తాళం కప్ప బొమ్మో FnLock అనో రాసి ఉంటుంది, రాసుంటే ఇదే పద్ధతి. అలా లేని వాటిల్లో సిస్టం ఆన్ అయ్యేటప్పుడు బయోస్‌లోకి వెళ్ళి మార్చాలి, హెచ్‌పీలో దాన్ని Action Keys Mode అంటారు, లెనోవో ఐడియాప్యాడ్లలో Hotkey Mode, ఏసర్‌లో Function key behavior అని కనపడుతుంది. పేరు ఏదైనా పని ఒకటే, ఆ చిప్‌కి మామూలుగా ఎటు ఉండాలో చెప్పడం. ఈ సెట్టింగ్ విండోస్ హార్డ్ డిస్కులో ఉండదు కాబట్టే ఫార్మాట్ కొట్టినా, కొత్త విండోస్ వేసినా, డిస్క్ తీసి వేరేది పెట్టినా చెక్కు చెదరకుండా అలాగే ఉంటుంది. ముందు చెప్పిన అనవసరపు ఫార్మాట్లు ఎందుకు దండగో ఇప్పుడు తెలిసింది కదా.

అయితే పాలకొల్లు ఇంట్లో నేను లాక్ తీసెయ్యమని చెప్పలేదు. తీసేస్తే మర్నాడు పొద్దున్నే అన్నయ్య సేల్స్ బిల్లు వెయ్యబోతే F8 పనిచెయ్యదు, అతను మళ్ళీ లాక్ వేస్తాడు, సాయంత్రం చెల్లి మళ్ళీ ఇరుక్కుంటుంది, ఇది తెగేది కాదు. లాక్‌తో పనే లేని దారి ఉంది: విండోస్ కీ, షిఫ్ట్, S మూడూ కలిపి నొక్కడం. ఈ మూడు కీల మీదా రెండో పని ఏదీ రాసి లేదు, కాబట్టి లాక్ ఎటున్నా చిప్ అదే కోడ్ పంపుతుంది. 2017 విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇది ఉంది. తెర మసకబారుతుంది, ఫీజు రసీదు ఎంత మేరకి కావాలో అంత గీస్తే చాలు, పైన బ్రౌజర్ ట్యాబులూ కింద టాస్క్‌బారూ లేకుండా కావాల్సిన ముక్కే వస్తుంది. నా మటుకు నేను ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే సిస్టం అయితే ఇదే అలవాటు చేసుకోమంటాను. గీశాక పక్కన చిన్న పెట్టె వస్తుంది, అది నొక్కి సేవ్ చేసుకోవడం మాత్రం మర్చిపోకండి, కొత్త విండోస్ 11లో అయితే Screenshots ఫోల్డర్లోకి దానంతటదే సేవ్ అవుతుంది గానీ విండోస్ 10లో మీరు చెయ్యకపోతే క్లిప్‌బోర్డులోనే ఉండి, ఇంకోటి కాపీ చెయ్యగానే పోతుంది.

కీ నిజంగా పోయే సందర్భం కూడా ఉంటుంది, లేదనను. మనవైపు ఆక్వా చెరువుల దగ్గర షెడ్లలో పెట్టి వాడే లాప్‌టాప్‌లకి చెమ్మ పట్టి కీలు మొరాయించడం ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. లాక్ వల్ల అయితే ఆ కీ రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది, ఉత్తినే నొక్కితే వర్డ్‌లో అక్షరాలు లేస్తాయి, Fn తో నొక్కితే బొమ్మ పడుతుంది, లేదా అటుదిటు. కీ పోతే రెండూ ఉండవు, Fn పట్టుకున్నా పట్టుకోకపోయినా వర్డ్ కదలదు, క్లిప్‌బోర్డు మారదు. అలా ఉంటే ముందు Fn బాగుందో లేదో దాంతో సౌండ్ మార్చి చూడండి, Fn పోయినా ఇలాంటి లక్షణాలే కొన్ని కనపడతాయి. తర్వాత మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి దాని PrtSc నొక్కండి, దాని చిప్ దానికే ఉంటుంది కాబట్టి లాప్‌టాప్ లాక్ దాన్ని ఏమీ చెయ్యదు. దాంతో బొమ్మ వచ్చి, లాప్‌టాప్ కీతో F10 గానీ PrtSc గానీ ఏదీ రాకపోతే, అప్పుడు కీబోర్డు మార్పించాలి.